బాతుపిల్ల విన్న రాత్రి: ఒక నిద్రవేళ యానిమేషన్ కథ స్క్రిప్టును తిరగరాసిన వైనం

మూడు నుంచి ఐదేళ్ళ వయసు పిల్లలు పక్క మీద పడుకున్నాక చూడటానికి వీలైన ఏడు నిమిషాల యానిమేషన్ కథ ఒకటి మా చిన్న బృందం చేతికి వచ్చింది. స్క్రిప్టు రాయడం, పాత్రల గొంతులను రికార్డు చేయించడం, నేను రాసిన ధ్వని సూచనలు మిక్సింగు దాకా చెదరకుండా చూసుకోవడం నా వంతు పని. కథ చిన్నది. చెరువు గట్టున అమ్మ రెక్క కింద పడుకున్న బాతుపిల్లకు రాత్రి చప్పుళ్ళు ఒక్కొక్కటిగా వినిపిస్తాయి, ఒక్కొక్కటి ఏమిటో తెలుస్తుంది, తెలిసిన ప్రతి చప్పుడూ సద్దుమణుగుతుంది, చివరికి పిల్ల నిద్రపోతుంది. కథకురాలు, బాతుపిల్ల, అమ్మ బాతు, తాబేలు తాత అనే నాలుగు గొంతులూ, రెండే మాటలున్న కప్పా ఇందులోని పాత్రలు.

మొదటి ప్రతి చదివినవారందరికీ నచ్చింది. స్టోరీబోర్డు బొమ్మలను వరుసగా పేర్చి, నా గొంతుతోనే తాత్కాలికంగా చదివిన స్క్రాచ్ ట్రాకును జతచేసి ఒక యానిమాటిక్ తయారుచేశాము. దాన్ని మాకు తెలిసిన ఐదు ఇళ్ళకు ఇచ్చి, పిల్లలు నిజంగా పడుకునే వేళకే చూపించమని, ఏ నిమిషంలో పిల్ల కదిలిందో, మాట్లాడిందో, లేచి కూర్చుందో కాగితం మీద రాసిపెట్టమని తల్లిదండ్రులను కోరాము. ఐదుగురు పిల్లలతో ఏదీ రుజువు కాదు కాని, అయిదు కాగితాల మీదా ఒకే నిమిషం దగ్గర ఒకే మాట కనిపిస్తే స్క్రిప్టులో ఆ పుట తీసి చూడక తప్పదు. రెండో నిమిషం దాటగానే ఐదుగురిలో నలుగురు లేచి కూర్చున్నారు. ఒకరైతే మంచం దిగి తెర దగ్గరికి వెళ్ళి జవాబు చెప్పి వచ్చారట.

అక్కడ ఉన్నది ఈ సీను.

చిత్రం: చెరువు గట్టు. అమ్మ రెక్క కింద నుంచి బాతుపిల్ల తల బయటికి వస్తుంది.
ధ్వని: నీళ్ళలో ఏదో బుడుంగుమని పడిన చప్పుడు.
బాతుపిల్ల (ఉలిక్కిపడి): అమ్మా! ఏమిటది?
అమ్మ బాతు: ఏమై ఉంటుందో చెప్పుకో చూద్దాం!
కథకురాలు: ఏమై ఉంటుంది పిల్లలూ?
ధ్వని: మళ్ళీ బుడుంగు, ఈసారి ఇంకా దగ్గరగా.
కప్ప: బెక బెక! నేనే!

పగలు చూపించే కథకు ఇది మంచి సీను. చప్పుడు ముందు వచ్చి, పేరు తరువాత వస్తుంది కాబట్టి మధ్యలో పిల్ల మనసు వెతుకుతుంది, దొరికినప్పుడు కేరింత కొడుతుంది. నిద్రవేళ మనకు అక్కరలేనిది సరిగ్గా ఆ వెతుకులాటే. పైగా నేను ఆ పొడుపుకథ వరసను ఒక్కసారి కాదు, కప్పకు, ఆకుకు, తాబేలుకు, గాలికి, నీళ్ళకు అని అయిదుసార్లు వాడాను. రెండోసారికే పిల్లలకు ఆట పట్టుబడింది. మూడోసారికి చప్పుడు రాకముందే జవాబు చెప్పడానికి సిద్ధంగా కూర్చున్నారు. ఎంత మెత్తటి ధ్వని పెట్టినా, దాని వెనక ఒక ప్రశ్న ఉన్నంతసేపు అది పిల్లను లేపే ధ్వనే అవుతుందని ఆ కాగితాల వల్ల తెలిసింది. అంతకుముందు నేను సవ్వడి ఎంత తక్కువగా ఉండాలా అని ఆలోచిస్తూ వచ్చాను గాని, అది వాక్యానికి ముందు రావాలా వెనక రావాలా అని ఆలోచించలేదు.

తిరగరాసిన సీను ఇలా ఉంది.

చిత్రం: అదే చెరువు గట్టు. దూరంగా తామరాకు మీద కప్ప.
కథకురాలు: కప్పకు నిద్ర వచ్చింది. తామరాకు మీది నుంచి మెల్లగా నీళ్ళలోకి జారింది.
విరామం: అర సెకను.
ధ్వని: బుడుంగు. ఒక్కసారే, చెరువు అవతలి వైపు నుంచి. వెనకాల చిన్న అల గట్టుకు తగిలి ఆగుతుంది.
బాతుపిల్ల (నింపాదిగా): కప్ప.
అమ్మ బాతు: ఊఁ. కప్పే.
కథకురాలు: నీళ్ళు ఊగాయి. నీళ్ళు ఆగాయి. కప్ప పడుకుంది.

ముందు పేరు, తరువాత పని, ఆ తరువాత చప్పుడు. చప్పుడు వచ్చేసరికి అది పిల్లకు ముందే తెలిసిన విషయం కాబట్టి ఉలికిపాటు ఉండదు, అనుకున్నట్టే జరిగిందన్న నెమ్మది ఉంటుంది. కప్ప సొంత మాటలు రెండూ దీనితో పోయాయి. ఆ రెండు మాటలకోసం ఒక కళాకారుడిని పిలిపించి రికార్డు కూడా చేయించాము కనుక కొంచెం బాధ కలిగింది, కాని బెకబెకలు నిద్రవేళకు సరిపడవు.

ఈ వరసను పట్టుకున్నాక తెలుగు వాక్యం గురించి ఒక సంగతి బయటపడింది. మన వాక్యంలో క్రియ చివరన ఉంటుంది. "కప్ప తామరాకు మీది నుంచి మెల్లగా నీళ్ళలోకి" అన్నంతవరకు కప్ప ఏం చేసిందో వినేవారికి తెలియదు, "జారింది" అన్నాకే తెలుస్తుంది. మా యానిమేటర్ మొదట వాక్యం మొదలవగానే కప్పను కదిలించారు. కథకురాలు "తామరాకు" అనేసరికి తెర మీద కప్ప నీళ్ళలో ఉంది, "జారింది" అనేసరికి అల కూడా ఆగిపోయింది. చూస్తున్న పిల్లకు మాటలు వెనకబడ్డ వ్యాఖ్యానంలా ఉంటాయి, కళ్ళు మూసుకుని వింటున్న పిల్లకు వాక్యం మధ్యలో అర్థంకాని బుడుంగు ఒకటి వినిపించి మళ్ళీ పాత ప్రశ్నే పుడుతుంది. అందువల్ల సెకనుకు 25 ఫ్రేముల మా టైమ్‌లైనులో ఒక నియమం పెట్టుకున్నాము: క్రియలోని చివరి అక్షరం పలకడం పూర్తయిన ఫ్రేము దగ్గర కదలిక మొదలవ్వాలి, అక్కడి నుంచి సుమారు 12 ఫ్రేముల తరువాత ధ్వని రావాలి. అప్పటినుంచి స్క్రిప్టులో ప్రతి ధ్వని సూచన పక్కన అది ఏ మాట తరువాత రావాలో ఆ మాటనే రాస్తూ వచ్చాను. నిమిషాలు, సెకన్లు రాస్తే రికార్డింగులో గొంతు కొంచెం నిదానించగానే అన్నీ తప్పిపోతాయి, మాటను పట్టుకుని రాస్తే తప్పిపోవు. నిజంగానే తుది రికార్డింగు నా స్క్రాచ్ ట్రాకు కంటే 22 సెకన్లు ఎక్కువ వచ్చింది, అయినా సూచనలు వేటికవి తమ చోటనే నిలిచాయి.

సంభాషణల్లో కూడా ఇలాంటి చిక్కే ఉంది. పుస్తకంలో "నాకు చలేస్తోంది, అంది బాతుపిల్ల" అని రాస్తాము. మాట ముందు, మాట్లాడినవారి పేరు తరువాత. పాత్రకు వేరే గొంతు ఉన్నప్పుడు "అంది బాతుపిల్ల" అనేది తెర చూస్తున్నవారికి అనవసరం కనుక మొదటి ప్రతిలో వాటన్నిటినీ కొట్టేశాను. అయితే కళ్ళు మూసుకున్న పిల్లకు ఆ గొంతు ఎవరిదో ఒక క్షణం తట్టదు. కాబట్టి పేరును మాట వెనక నుంచి ముందుకు జరిపి, దాన్ని ఒక చిన్న పనిగా మార్చాను. "బాతుపిల్ల ముక్కును రెక్కలో దాచుకుంది" అని కథకురాలు చెబుతుంది, అటుపైన "నాకు చలేస్తోంది" అని పిల్ల గొంతు వినిపిస్తుంది. అనవసరమైన మాట ఒకటి తగ్గింది, ఎవరు మాట్లాడబోతున్నారో ముందే తెలిసింది.

గొంతులు వెళ్ళిపోయే క్రమం

నిద్రవేళ కథలో పాత్రలు ఎప్పుడు వస్తాయన్న దానికంటే ఎప్పుడు వెళ్ళిపోతాయన్నది ముఖ్యం. మొదటి ప్రతిలో నేను మామూలు కథల అలవాటుతో తాబేలు తాతను ఐదో నిమిషంలో ప్రవేశపెట్టాను. అప్పటికి రెప్పలు వాలుతున్న పిల్లకు కొత్త గొంతు వినిపించడమంటే ఇంటికి చుట్టం వచ్చినట్టే, లేచి చూడాల్సిందే. రెండో ప్రతిలో తాత మొదటి నిమిషంలోనే వస్తాడు, మూడో నిమిషానికి పడుకుంటాడు. కప్ప నాలుగో నిమిషం లోపు పడుకుంటుంది. అమ్మ బాతు ఐదో నిమిషం తరువాత పూర్తి వాక్యాలు మాట్లాడదు. బాతుపిల్ల మాటలు వాక్యం నుంచి ఒక్క మాటకు, ఒక్క మాట నుంచి "ఊఁ"కు కుదించుకుపోతాయి. ఆఖరి నిమిషమున్నరలో కథకురాలి గొంతు, పిల్ల "ఊఁ" మాత్రమే మిగులుతాయి. కథలో కష్టం అంటూ ఏదైనా ఉంటే అది మొదటి మూడో వంతులోనే తీరిపోవాలన్నది కూడా ఈ క్రమంలోనే కుదురుకుంది. గాలికి రెల్లు గలగలలాడి పిల్ల భయపడే సీనును చివరి నుంచి తెచ్చి రెండో నిమిషంలో పెట్టాము. ఆ తరువాత కథలో జరిగేదల్లా ఒకరి తరువాత ఒకరు పడుకోవడమే. కథ చప్పబడుతుందేమోనని బృందంలో ఒకరు సందేహించారు. చప్పబడుతుంది, అదే కావాలి.

గొంతుల మధ్య తేడాను స్థాయితో కాకుండా వేగంతో చూపించడం మరో నిర్ణయం. బాతుపిల్లకు మొదట కీచుగొంతు ప్రయత్నించాము. నటి బాగా చేశారు గాని, అంత పై స్థాయిలో నెమ్మదిగా మాట్లాడటం ఎవరికీ కుదరదు, కుదిరినా అది ఏడుపులా వినిపిస్తుంది. దానికి బదులు నటి తన సహజమైన గొంతు కంటే కొంచెం పైన మాత్రమే మాట్లాడి, మాటల మధ్య చిన్నపిల్లలు ఆగే చోట ఆగేలా చేశాము. "నాకు... చలేస్తోంది" అన్నప్పుడు ఆ ఆగడంలోనే పిల్లతనం ఉంది. తాబేలు తాతకు బొంగురు గొంతు వద్దని, ప్రతి మాటకూ ముందు ఊపిరి పీల్చుకున్నంత జాగా ఇవ్వమని నటుడిని కోరాము.

అన్నిటికంటే ఎక్కువ చర్చ గుసగుస మీద జరిగింది. చివరి పుటల్లో కథకురాలు గుసగుసగా చెప్పాలని మొదటి ప్రతిలో రాశాను. స్టూడియోలో విన్నప్పుడు అద్భుతంగా ఉంది. ఇళ్ళలో మాత్రం పిల్లలు కళ్ళు తెరిచారు. కారణం వెతికితే రెండు దొరికాయి. గుసగుస అనేది పిల్లలకు రహస్యానికి గుర్తు, రహస్యమంటే చెవి రిక్కించాల్సిందే. రెండోది ధ్వనికి సంబంధించినది. గుసగుసలో స్వరతంత్రులు కంపించవు కనుక గ, క మధ్య, ద, త మధ్య తేడా చెరిగిపోతుంది. "గూడు" అన్నా "కూడు" అన్నా దాదాపు ఒకేలా వినిపిస్తుంది. మరోవైపు స, శ, చ లాంటి అక్షరాల బుసబుస మాత్రం ముందుకు వస్తుంది. మాట అర్థంకాని పిల్ల తల ఎత్తి వింటుంది. కాబట్టి గుసగుసను పూర్తిగా తీసేసి, గొంతు పలుకుతూనే ఉండి ఒత్తిడి మాత్రం తగ్గేలా, మైకుకు ఒక బెత్తెడు దగ్గరగా జరిగి, ఒళ్ళో ఉన్న బిడ్డతో మాట్లాడినట్టు చదవమని కథకురాలిని అడిగాము. అంత దగ్గరగా చదివినప్పుడు ప, బ అక్షరాల దగ్గర ఊపిరి మైకుకు కొట్టుకుని దబ్బుమంటుంది. "బాతుపిల్ల" అన్న మాటలోనే ఆ అక్షరాలు రెండూ ఉన్నాయి మరి. మైకును నోటికి ఎదురుగా కాక కొంచెం పక్కకు తిప్పి పెడితే అది పోయింది.

వాక్యం ముగిసే తీరు

రెండో సగానికి వచ్చేసరికి వాక్య నిర్మాణం మార్చాల్సి వచ్చింది. "గట్టు దిగి, రెల్లు దాటి, నీళ్ళు తాగి, రెక్కలు ముడిచి, అమ్మ పక్కకు చేరి, బాతుపిల్ల పడుకుంది" అని అసమాపక క్రియలను గొలుసుగా కట్టడం కథ చెప్పడానికి మనకు చాలా అనువైన పద్ధతి. దీన్ని చదివేవారి గొంతు ప్రతి "దిగి", "దాటి" దగ్గర కొంచెం పైకి లేస్తుంది, ఇంకా ఉందని చెబుతుంది, వినేవారు చివరి క్రియ కోసం ఎదురుచూస్తారు. మొదటి రెండు నిమిషాల్లో ఇది ఉండాలి, లేకపోతే పిల్ల కథలోకి రాదు. చివరి రెండు నిమిషాల్లో ఒక్కటి కూడా ఉండకూడదని నిర్ణయించుకున్నాను. అక్కడ ప్రతి వాక్యం రెండు మూడు, మహా అయితే నాలుగు మాటలతో, సమాపక క్రియతో ముగుస్తుంది, గొంతు ప్రతిసారీ కిందికి దిగుతుంది. "గాలి ఆగింది. రెల్లు ఆగింది." పుట మీద చదివితే ఇది పేలవంగా ఉంటుంది. స్క్రిప్టు చదివి ఆమోదించాల్సిన పెద్దలకు కాగితం పంపకుండా రికార్డింగు వినిపించడం మేలని నాకు ఈ పుటలతోనే తెలిసింది.

మాటల సంఖ్య కూడా తగ్గింది. మొదటి ప్రతిలో కథకురాలి మాటలు సుమారు 520 ఉండగా, తుది ప్రతిలో 340 మిగిలాయి. మొదటి నిమిషంలో 70 మాటల దాకా ఉంటాయి, ఆఖరి నిమిషంలో ముప్పై కూడా ఉండవు. వాక్యాల మధ్య విరామం మొదట సెకనున్నర, చివరికి నాలుగు సెకన్లు. ఆరు సెకన్లు కూడా ప్రయత్నించాము, కాని కథ అయిపోయిందనుకుని పిల్లలు కళ్ళు తెరిచి తెర వైపు చూశారు.

అక్షరాల విషయంలో కొంత చాదస్తం చూపించానని ఒప్పుకోవాలి. క్క, ట్ట, ప్ప లాంటి ద్విత్వాలు తలుపు తట్టినట్టు వినిపిస్తాయి కనుక చివరి పుటల్లో వీలైనంతవరకు ల, న, మ, వ, య ఉన్న మాటలనే ఎంచుకున్నాను. "చప్పుడు" బదులు "సవ్వడి" అందామని ఒకరు సూచించారు, చెవికి మెత్తగానే ఉంటుంది, కాని నాలుగేళ్ళ పిల్ల ఆ మాటను ఇంట్లో వినదు, అర్థం కాని మాట మళ్ళీ ఒక ప్రశ్న. అందుకని "చప్పుడు" మొదటి సగంలోనే ఉండిపోయింది, రెండో సగంలో ఆ అవసరమే రాకుండా రాశాను. "కప్ప"ను మాత్రం ఏమీ చేయలేము. అదృష్టవశాత్తు అది సగం కథకే పడుకుంటుంది.

ధ్వని సూచన ఎలా రాయాలి

మొదటి ప్రతిలో పదకొండు చోట్ల "మృదువైన శబ్దం" అని రాశాను. సౌండ్ ఎడిటర్ ఆ పదకొండింటికీ పదకొండు రకాలుగా అర్థం చేసుకున్నారు, తప్పు ఆయనది కాదు. మృదువు అనేది సూచన కాదు, అభిప్రాయం. ఆయనతో కూర్చుని ఒక్కొక్కటీ తిరగరాసేటప్పుడు ఒక ధ్వని మెత్తగా వినిపించడానికి దాని మోత తగ్గించడం ఒక్కటే చాలదని, అది ఎలా మొదలవుతుందన్నదే ఎక్కువ తేడా తెస్తుందని అర్థమయింది. ఒక ఎండుటాకు రాలిన చప్పుడును ఎంత తగ్గించినా దాని మొదటి క్షణంలోని చిటుక్కు మిగిలే ఉంటుంది. ఆ మొదటి కొసను కొన్ని ఫ్రేముల పాటు నెమ్మదిగా పైకి తెస్తే, అదే ధ్వని ఎక్కువ మోతలో కూడా మెత్తగా ఉంటుంది. అప్పటినుంచి ప్రతి సూచనలో ఆ చప్పుడు దేనిది, ఎంత దూరం నుంచి, ఎన్నిసార్లు, ఎలా మొదలై ఎలా ఆగుతుంది అన్నవి రాయడం మొదలుపెట్టాము. ఉదాహరణకు ఆకు సూచన ఇలా తయారయింది: "ఆకు. పచ్చి ఆకు, ఎండుటాకు కాదు. తలకు పైన, ఎడమ వైపు. ఒక్కసారి. 'రాలింది' తరువాత అర సెకనుకు. గాలిలో తేలుతున్న సన్నని ఒరిపిడితో మొదలవుతుంది, నేలకు తగిలిన చప్పుడు ఉండదు." నేలకు తగలనివ్వకపోవడం ఎడిటర్ ఆలోచన. విన్న ప్రతిసారీ నాకు నచ్చుతుంది.

కథ అంతటా వెనక పరుచుకుని ఉండే రాత్రి వాతావరణంలో మాకు గట్టి దెబ్బ తగిలింది. చెరువు నీటి లోతైన గలగల, దాని పైన కీచురాళ్ళు అని రెండు పొరలు వేసి స్టూడియో స్పీకర్లలో సరిచూసుకున్నాము. ఇంటికి వెళ్ళి ఫోనులో వింటే నీళ్ళు లేవు. కీచురాళ్ళు మాత్రమే చెవి కొరుకుతున్నాయి. ఫోను స్పీకరు చిన్నది, కింది స్థాయి ధ్వనులను అది పలికించలేదు. కీచురాయి కూత సుమారు 4,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది, మనిషి చెవి చురుకుగా ఉండే మేర అక్కడికి దగ్గరలోనే ఉంది. అంటే మేము జోలగా అనుకున్న పొర ఫోనులో మాయమై, తాళింపుగా వేసిన పొర మొత్తం కూరయి కూర్చుంది. నీటి ధ్వనిలో మధ్యస్థాయిలో ఉండే చిన్న అలల తపతపను జోడించి, కీచురాళ్ళను ఒక్క మూలకు, దూరానికి నెట్టి, పై స్థాయిని కోసేశాము. నాలుగో నిమిషం తరువాత కీచురాళ్ళు ఉండవు, అవి ఆగినట్టు కథకురాలు కూడా చెప్పదు, ఎవరూ గమనించనంత నెమ్మదిగా వెళ్ళిపోతాయి. ఆ తరువాత ప్రతి మిక్సునూ ముందు ఫోనులో, ఆ ఫోనును దిండు పక్కన పెట్టి, విన్నాకే ఒప్పుకున్నాము.

గొంతు మోత తగ్గించడంలో కూడా ఒక హద్దు ఉంది. చివరికి వచ్చేసరికి కథకురాలిని మొదటి స్థాయి కంటే 10 డెసిబెళ్ళు కిందికి దించాము. ఒక ఇంట్లో తండ్రి వినబడక ఫోను వాల్యూము పెంచారు. కథ అయిపోగానే దాని వెనక తనంతట తాను మొదలైన వేరే వీడియో పెద్ద మోతతో వచ్చి పిల్లను లేపింది. అటువంటిది మా చేతిలో లేదు, కాని వాల్యూము పెంచాల్సిన అవసరం కల్పించింది మేమే. ఇప్పుడు మొదటికీ చివరికీ మధ్య తేడా 4 డెసిబెళ్ళు మించదు. మెత్తదనమంతా చదివే తీరు వల్ల, మైకు దగ్గరితనం వల్ల వచ్చేదే. మొత్తం వీడియోకు కలిపి ఇచ్చే సగటు మోత అంకె ఇలాంటి పొరపాటును పట్టుకోదు. మొదట గట్టిగా ఉండి చివర నీరసించిన కథ కూడా ఆ సగటులో చక్కగా ఇమిడిపోతుంది. ఆఖరి రెండు నిమిషాలను విడిగా కొలిచి చూసుకోవాలి.

బొమ్మల గురించి క్లుప్తంగా చెబుతాను. మొదటి సగంలో షాట్లు ఐదారు సెకన్లకు మారతాయి. చివరి నిమిషంలో ఒకే షాటు ఉంటుంది, కెమెరా గట్టు నుంచి కనీకనిపించకుండా వెనక్కి వెళుతుంది, వెలుగు తగ్గుతూ వస్తుంది. బాతుపిల్ల రెప్పపాటు మామూలుగా ఐదారు ఫ్రేములుంటే, నిద్ర వచ్చేసరికి ఇరవై ఫ్రేములకు సాగుతుంది. పక్క మీది పిల్ల ఊపిరి కంటే తెర మీది బాతుపిల్ల ఊపిరి నెమ్మదిగా ఉండాలని దాని పొట్ట ఎత్తు పల్లాలను ఐదు సెకన్ల చక్రానికి కట్టాము. ఆ వయసు పిల్లలు మేలుకుని ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 20 నుంచి 30 సార్లు ఊపిరి తీసుకుంటారు, అంటే ఒక్కో ఊపిరికి రెండు మూడు సెకన్లు. తెరను చూసి పిల్ల ఊపిరి నెమ్మదిస్తుందని నేను చెప్పను, అటువంటిదేదీ మేము కొలవలేదు. తెర మీద ఉన్నది మాత్రం పిల్లను తొందర పెట్టకూడదు.

చివరి పుట

కథకు ఊ కొట్టడం అన్న మాట మన భాషలోనే ఉంది కాబట్టి ముగింపును దాని మీదే కట్టాను. ఐదో నిమిషం నుంచి కథకురాలి ఒకటి రెండు వాక్యాలకు ఒకసారి బాతుపిల్ల "ఊఁ" అంటుంది. ఆ "ఊఁ" పొడవు తగ్గుతూ, ఆలస్యం పెరుగుతూ వస్తుంది. ఒకచోట అది రావాల్సిన సమయానికి రాదు. పిల్ల నిద్రపోయిందని ఎవరూ చెప్పనక్కరలేదు.

కథకురాలు: గాలి ఆగింది. రెల్లు ఆగింది.
బాతుపిల్ల: ఊఁ.
విరామం: మూడు సెకన్లు. నీళ్ళ తపతప మాత్రం.
కథకురాలు: అమ్మ రెక్క వెచ్చగా ఉంది.
విరామం: నాలుగు సెకన్లు. ఇక్కడ "ఊఁ" రావాలి, రాదు. నీళ్ళ ధ్వని ఆగకూడదు.
కథకురాలు: చెరువు నీళ్ళు మెల్లగా ఊగుతున్నాయి.
ధ్వని: నీళ్ళు. 60 సెకన్లు అలాగే. తరువాత 30 సెకన్లలో ఎక్కడ ఆగిందో తెలియకుండా తగ్గుతుంది.

చివరి తొంభై సెకన్ల నీళ్ళ ధ్వని మొదటి ప్రతిలో లేదు. కథ అవగానే ధ్వని తెగిపోయేది, ఒక ఇంట్లో అప్పుడే నిద్రలోకి జారిన పిల్ల సరిగ్గా ఆ నిశ్శబ్దానికే మెలకువ తెచ్చుకుంది. ఒక ధ్వనికి అలవాటుపడ్డ చెవికి అది హఠాత్తుగా ఆగడం కూడా ఒక చప్పుడే. "ఊగుతున్నాయి" అని వర్తమానంలో ముగించడానికీ ఇదే కారణం. అప్పటిదాకా అన్నీ ఆగిన కథలో చివరికి ఒక్క నీళ్ళు మాత్రం ఆగవు కనుక, మాట అయిపోయాక వినిపించే ధ్వనికి కథలోనే చోటు ఉంటుంది.

తుది ప్రతిని అవే ఐదు ఇళ్ళకు మళ్ళీ పంపాము. లేచి కూర్చున్నవారు లేరు, ముగ్గురు నీళ్ళ ధ్వని అయిపోకముందే నిద్రపోయారని రాశారు. అయితే ఇద్దరు పిల్లలు బాతుపిల్ల "ఊఁ" అనని ఆ ఖాళీలో దాని బదులు తామే "ఊఁ" అన్నారట. ఒకరు నిద్రమత్తులో అన్నారు, దానితో ఇబ్బంది లేదు. రెండోవారు పూర్తి మెలకువతో, గట్టిగా అన్నారు. అంటే నేను తీసేశాననుకున్న ప్రశ్న ఆ నాలుగు సెకన్ల విరామంలో మరో రూపంలో మిగిలే ఉంది. విరామాన్ని రెండు సెకన్లకు తగ్గించి, నీళ్ళ అలను ఒకటి ఆ ఖాళీలోకి తెచ్చి చూశాము. అప్పుడు "ఊఁ" రాలేదన్న సంగతే తెలియడం లేదు. ముగింపంతా దాని మీదే ఉంది కనుక ప్రస్తుతానికి నాలుగు సెకన్లనే ఉంచి, ఆ అలను మాత్రం విరామం మూడో సెకనులో పెట్టాము.